కాయ కాల్షియం పీల్చుకుందా, పీల్చుకుంటుందా?

అనంతపురం, కదిరి చుట్టుపక్కల చెనక్కాయ మీద పరిశోధన చేసే పిల్లల థీసిస్ డ్రాఫ్టులు చాలా ఏళ్లుగా నా చేతికి వస్తున్నాయి. వాటి మార్జిన్లలో గైడ్లు ఎర్ర ఇంకుతో ఎక్కువసార్లు రాసే మాట ఒకటుంది: ‘టెన్స్ సరిచేయి’. ఆ మాట వల్ల డ్రాఫ్టు బాగుపడిన సందర్భాలు అరుదు. చెడిపోయినవి మాత్రం బోలెడు.

ఎందుకంటే ఆ మాట చదివిన పిల్లవాడు చేసే పని ఒకటే. రిజల్ట్స్ చాప్టర్ మొత్తం పాస్ట్‌లో ఉండాలని ఎవరో చెప్పి ఉంటారు కాబట్టి, కనిపించిన ప్రతి ‘ఈజ్’నీ ‘వాజ్’ చేస్తాడు, ‘ఆర్’ని ‘వర్’ చేస్తాడు. అప్పుడు చాప్టర్ మధ్యలో ‘కాల్షియం వాజ్ యాన్ ఎసెన్షియల్ న్యూట్రియెంట్ ఫర్ గ్రౌండ్‌నట్’ అనే వాక్యం తేలుతుంది. కాల్షియం ఒకప్పుడు చెనక్కాయకు అవసరమట, ఇప్పుడు కాదట! ఆ పక్క పేజీలోనే, అంతకుముందు సరిగ్గా ఉన్న ‘టేబుల్ 4 షోస్’ కాస్తా ‘షోడ్’ అయిపోయి ఉంటుంది.

నా వాదన ఇది. రిజల్ట్స్‌లో క్రియకు వేసే కాలం ఆ వాక్యం ఎంతవరకు నిజమో చెప్పే గట్టు. పాస్ట్‌లో రాస్తే ‘ఈ చేనులో, ఈ ఖరీఫ్‌లో, నేను చేశాను, నేను చూశాను’ అని అర్థం. ప్రెజెంట్‌లో రాస్తే ‘నా చేను బయట కూడా, నేను చూడకపోయినా, ఇది ఇంతే’ అని అర్థం. అందుకే టెన్స్‌ను చాప్టర్ లెక్కన సరిచేయకూడదు, వాక్యం లెక్కన సరిచేయాలి. ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇది నువ్వు చూసిందా, లేక నువ్వు చూడకున్నా ఉండేదా?

ఒక పేరా తీసుకుని చూద్దాం. జిప్సమ్ ప్రయోగం మా జిల్లాల్లో తరచూ కనిపించేదే కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. పేరా నేను కూర్చిందే, కానీ ఇందులోని ప్రతి తప్పూ నిజమైన డ్రాఫ్టుల్లో చూసిందే. నాలుగు ట్రీట్‌మెంట్లు: టీ1లో జిప్సమ్ లేదు, టీ2లో హెక్టారుకు 250 కిలోలు, టీ3లో 500, టీ4లో 750. మూడు రెప్లికేషన్లు, అంటే ప్రతి ట్రీట్‌మెంటునూ మూడేసి మడుల్లో వేశారు. ఎర్ర నేల, వర్షాధారం, కె-6 రకం. హెక్టారుకు 500 కిలోలంటే మన రైతులకు తెలిసిన ఎకరాకు 200 కిలోల లెక్కే.

డ్రాఫ్టులో మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘జిప్సమ్ ఈజ్ అప్లైడ్ ఎట్ పెగ్గింగ్ స్టేజ్’. ఊడలు దిగే దశలో జిప్సమ్ వేస్తారు అని. ఈ ‘ఈజ్’ ఎక్కడిదో నాకు తెలుసు. ప్రయోగం మొదలుపెట్టక ముందు రాసిన సినాప్సిస్‌లోంచో, సాగు పద్ధతుల కరపత్రంలోంచో ఎత్తి ఇక్కడ పెట్టి ఉంటారు. అక్కడ అది సిఫారసు, అందుకే ప్రెజెంట్. ఇక్కడ అది జరిగిపోయిన పని. మడుల్లో వేసింది ఈ థీసిస్ రాసిన పిల్లే, ఆ రోజు వేసింది, దాని లెక్క ఫీల్డ్ బుక్కులో ఉంది. కాబట్టి ‘వాజ్ అప్లైడ్’. ఇందులో చర్చ లేదు. ఏపీఏ శైలి మార్గదర్శకాలు కూడా మెథడ్స్‌కూ రిజల్ట్స్‌కూ పాస్ట్‌నే చెబుతాయి. అన్వయాలకూ ముగింపులకూ ప్రెజెంట్ వాడమంటాయి.

రెండో వాక్యం: ‘టీ3 రికార్డ్స్ హయ్యర్ పాడ్ యీల్డ్ అండ్ ఈజ్ ఆన్ పార్ విత్ టీ4’. ఈ ‘ఆన్ పార్’ దగ్గర ఆగాలి. క్రిటికల్ డిఫరెన్స్ అంటే రెండు ట్రీట్‌మెంట్ల మధ్య తేడా నిజమైనదే అని ఒప్పుకోవడానికి కావలసిన కనీస తేడా. టీ3కీ టీ4కీ దిగుబడిలో తేడా దానికన్నా తక్కువ వచ్చింది కాబట్టి రెండూ సమానమే అన్నాం. ఆ క్రిటికల్ డిఫరెన్స్ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ చేనులో మడికీ మడికీ ఉన్న హెచ్చుతగ్గుల నుంచి, మూడే రెప్లికేషన్లు వేయడం నుంచి. అదే ప్రయోగం ఆరు రెప్లికేషన్లతో వేసి ఉంటే ఆ తేడా బయటపడేదేమో. అంటే ‘ఆన్ పార్’ అనేది 500 కిలోలకూ 750 కిలోలకూ ఉన్న శాశ్వతమైన బంధుత్వం కాదు, ఈ ఒక్క ప్రయోగం తేల్చగలిగినంత. ‘ఈజ్ ఆన్ పార్’ అని రాస్తే 750 కిలోలు వేయడం ఎక్కడైనా దండగే అన్నట్టు అవుతుంది. ‘వాజ్ ఆన్ పార్’ అంటే అంత దూరం పోదు. గైడ్లు ఈ ఒక్క ‘ఈజ్’ను చూసీచూడనట్టు వదిలేయడం నాకు మింగుడుపడదు.

మూడో వాక్యం దగ్గర తప్పు తిరగబడుతుంది: ‘డెవలపింగ్ పాడ్స్ అబ్జార్బ్‌డ్ కాల్షియం డైరెక్ట్‌లీ ఫ్రమ్ ద సాయిల్’. ఎదిగే కాయలు నేల నుంచే నేరుగా కాల్షియం పీల్చుకున్నాయి అని. అన్నీ పాస్ట్ చేయమన్నారు కదా అని ఇదీ పాస్ట్‌లోకి పోయింది. చదవడానికి ఏ ఇబ్బందీ లేదు, వ్యాకరణం తప్పు లేదు. అందుకే ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం.

అసలు సంగతి ఏమిటంటే, మొక్కలో కాల్షియం వేరు నుంచి పైకి నీటితో పాటు పోతుంది. ఆకులు నీటిని ఆవిరి చేస్తుంటే ఆ లాగుడుకు ఎక్కుతుంది. ఒకసారి ఆకుకు చేరాక అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగి కాయకు రావడం బహు తక్కువ. మట్టిలో ఉన్న కాయ నీటిని ఆవిరి చేయదు కాబట్టి వేరు పీల్చిన కాల్షియం దాని వైపు రాదు. అందుకని ఊడ, కాయ తమ చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటాయి. అక్కడ దొరక్కపోతే గింజ కట్టదు, లొట్ట కాయలు వస్తాయి. మొక్క మొదలు దగ్గర, ఊడలు దిగే చోట జిప్సమ్ వేయడానికి కారణం ఇదే. ఇదంతా ఎప్పుడో నిరూపణ అయిన విషయం, చెనక్కాయ ఉన్నంత కాలం ఉండేది.

ఇప్పుడు దీన్ని ‘అబ్జార్బ్‌డ్’ అని పాస్ట్‌లో రాస్తే ఏమవుతుంది? ‘నేను చూశాను’ అని చెప్పినట్టవుతుంది. కాయలోకి కాల్షియం పోవడాన్ని ఈ పిల్ల కొలిచిందా? ఒకసారి ఒక అమ్మాయితో ఈ వాక్యం మీదే మాట్లాడుతూ అడిగాను.

‘ఇది నువ్వు చూసినావామ్మా?’

‘లేదు సార్. కాయల బరువు, గింజల బరువు తీసినా, అంతే. ఇది పుస్తకంలో ఉండాది.’

‘పుస్తకంలో ఉండేది ఇప్పటికీ నిజమేనా?’

‘నిజమే కద సార్.’

‘మరి పాస్ట్ ఎందుకు?’

ఆ పిల్ల వెంటనే ‘అబ్జార్బ్’ అని మార్చి, పక్కన రిఫరెన్సు పెట్టింది. ప్రెజెంట్‌లోకి రాగానే రిఫరెన్సు కావాలని తనకే అనిపించింది. ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ఇదే. తప్పుగా పడ్డ ప్రెజెంట్ మన ఫలితాన్ని ఊరంతా సాగదీస్తుంది. తప్పుగా పడ్డ పాస్ట్ మనం చేయని కొలతను చేసినట్టు చూపిస్తుంది. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. పాస్ట్‌లో ఉంటే క్షేమం అనుకుంటారు. పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ ‘కాయలో కాల్షియం ఏ పద్ధతిలో కొలిచావు?’ అని అడిగితే ఆ క్షేమం ఎంతో తెలుస్తుంది.

నాలుగో వాక్యం ఒకే వాక్యంలో రెండు కాలాలు కావలసినది. షెల్లింగ్ పర్సెంటేజ్, అంటే కాయల బరువులో గింజల బరువు వంద పాళ్లకు ఎంత అన్నది. డ్రాఫ్టులో ‘షెల్లింగ్ పర్సెంటేజ్ వాజ్ ద రేషియో ఆఫ్ కెర్నెల్ వెయిట్ టు పాడ్ వెయిట్ అండ్ ఈజ్ కాలిక్యులేటెడ్ ఫ్రమ్ 100 గ్రామ్స్ ఆఫ్ పాడ్స్’ అని ఉంది. సరిగ్గా తలకిందులు. నిర్వచనం ఎప్పుడూ ఉండేది, దానికి ‘ఈజ్’ కావాలి. వంద గ్రాముల కాయలు తూచి, వలిచి, గింజలు తూచింది ఆ రోజు పని, దానికి ‘వాజ్’ కావాలి. ఒక వాక్యంలో కాలం మారితే తప్పేమో అని పిల్లలు భయపడతారు. ఏ తప్పూ లేదు. విషయం మారితే కాలం మారాల్సిందే, లేకపోతేనే తప్పు. ఆ భయం మరీ ఎక్కువైతే వాక్యాన్ని రెండుగా కోసేయడం మేలు.

ఇక పేరాలో చివరి వాక్యం: ‘హెన్స్, జిప్సమ్ ఇంక్రీజెస్ పాడ్ యీల్డ్’. కాబట్టి జిప్సమ్ దిగుబడి పెంచుతుంది అని. దీనికి నేనిచ్చే దిద్దుబాటు ‘ఇంక్రీజ్డ్’, వెనకే ‘ఇన్ దిస్ ట్రయల్’. ఇంతకీ జిప్సమ్ దిగుబడి పెంచుతుందన్నది పది చోట్ల రుజువైన మాటే కదా, ప్రెజెంట్‌లో ఉంటే నష్టమేమిటి అని ఒక గైడ్ నాతో వాదించారు. ఆయన మాటలో బలముంది. కానీ అది నిజమయ్యే షరతు ఒకటుంది, దాన్ని ఆ ‘ఇంక్రీజెస్’ మింగేస్తుంది. జిప్సమ్ నీటిలో కొద్దికొద్దిగా కరిగే పదార్థం. కాయ ఊరే సమయంలో మట్టిలో పదును ఉంటే కరిగి కాయకు అందుతుంది. పదును లేకపోతే వేసింది వేసినట్టు ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడే మా జిల్లాలో, అది కూడా మధ్యమధ్య బెట్టలతో పడే చోట, ఆ షరతు చిన్నది కాదు. ఈ పిల్ల ప్రయోగం చేసిన ఖరీఫ్‌లో సెప్టెంబరులో మంచి వానలు పడి ఉండొచ్చు. థీసిస్‌లోని ‘ఇంక్రీజెస్’ అబ్‌స్ట్రాక్ట్‌లోకి పోతుంది, అబ్‌స్ట్రాక్ట్ నుంచి కరపత్రంలోకి పోతుంది, అక్కడ ‘జిప్సమ్ వేస్తే దిగుబడి పెరుగుతుంది’ అని అచ్చవుతుంది. బెట్ట ఏడాది ఎకరాకు 200 కిలోల జిప్సమ్ కొని వేసిన రైతుకు ఆ వాక్యంలో వాన మాట ఎక్కడా కనిపించదు. అందుకే రిజల్ట్స్‌లో అది పాస్ట్‌లోనే ఉండాలి. సాధారణ సత్యంగా చెప్పాలనుకుంటే డిస్కషన్‌లో, రిఫరెన్సుతో, పదును షరతుతో చెప్పాలి.

ఇంతవరకు తేలికైనవి. ప్రయోగ స్థలం వర్ణనలో కొంచెం తికమక ఉంటుంది. ‘ద ఫామ్ వాజ్ లొకేటెడ్’ అని రాస్తే ఆ ఫామ్ ఇప్పుడు అక్కడ లేదేమో అనిపిస్తుంది. ఫామ్ ఉంది, నేల ఎర్ర గరప నేలే, అవి ‘ఈజ్’. కానీ అదే నేలలో విత్తే ముందు తీసిన మట్టి నమూనాలో నత్రజని తక్కువ అన్నది ఆ రోజు సంగతి, ఎరువు వేశాక మారేదే, అది ‘వాజ్’. జిల్లా సాధారణ వర్షపాతం ‘ఈజ్’, ఆ సీజన్‌లో పడ్డ వాన ‘వాజ్’. కె-6 గుత్తి రకం, అది ‘ఈజ్’. మన చేనులో అది ఎన్ని రోజులకు కోతకొచ్చిందో అది ‘వాజ్’. టేబుల్ సంగతికి వస్తే, చదివేవాడు పేజీ తెరిచిన ప్రతిసారీ టేబుల్ చూపిస్తూనే ఉంటుంది కాబట్టి ‘షోస్’. కానీ నాకు ‘టేబుల్ 4 షోస్’ అనే వాక్యమే ఇష్టం లేదు. ఫలితం చెప్పి చివర బ్రాకెట్లో టేబుల్ నంబరు పెడితే సరిపోతుంది, టెన్స్ గొడవే ఉండదు.

వాయిస్ సంగతి. మెథడ్స్‌లో ప్యాసివ్ వాడటం మన దగ్గర అలవాటు, నాకు దానితో పేచీ లేదు. ‘విత్తనం వేయబడింది’ అని తెలుగులో రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, ఇంగ్లిష్ థీసిస్‌లో ‘సీడ్ వాజ్ సోన్’ సహజమే. ఎవరు వేశారన్నది అక్కడ ముఖ్యం కాదు, ఎలా వేశారన్నది ముఖ్యం. కష్టం ఎక్కడంటే, ఒకే పేజీలో ‘హయ్యర్ యీల్డ్ వాజ్ రికార్డెడ్ విత్ టీ3’ అనీ, ‘టీ3 రికార్డెడ్ హయ్యర్ యీల్డ్’ అనీ, ‘ద ఇన్వెస్టిగేటర్ రికార్డెడ్’ అనీ మూడు రకాలుగా రాస్తారు. రికార్డు చేసింది ఒకసారి ఎవరో, ఒకసారి ట్రీట్‌మెంట్, ఒకసారి మనిషి. ట్రీట్‌మెంట్ రికార్డు చేయడం మన అగ్రానమీ థీసిసుల్లో పాతుకుపోయిన మాట. నేను దాన్ని తీసేయమంటాను. ‘పాడ్ యీల్డ్ వాజ్ హయ్యెస్ట్ ఇన్ టీ3’ అంటే దిగుబడే కర్త అవుతుంది, వాక్యం పొట్టిదవుతుంది, చాప్టర్ మొత్తం అదే పద్ధతిలో నడపొచ్చు.

‘ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్’ అనే ఎత్తుగడ కూడా టెన్స్‌ను చెడగొట్టేదే. పిల్లలు ఆ ‘వాజ్’తో పాస్ట్ బాధ్యత తీరిపోయిందనుకుని, ‘దట్’ తర్వాత నిశ్చింతగా ‘టీ3 రికార్డ్స్’ అని ప్రెజెంట్ పెట్టేస్తారు. ఆ నాలుగు మాటలూ కొట్టేస్తే అసలు క్రియ బయటపడుతుంది, దాని కాలం కంటికి కనిపిస్తుంది. వాయిస్ మధ్యలో మారితే వచ్చే ఇంకో చిక్కు: ‘ఆఫ్టర్ డ్రైయింగ్ ఫర్ ఫైవ్ డేస్, ద ఇన్వెస్టిగేటర్ వెయిడ్ ద పాడ్స్’. ఐదు రోజులు ఎండింది కాయలా, పరిశోధకురాలా? మొత్తం ప్యాసివ్‌లో ఉంచి ‘ద పాడ్స్ వర్ సన్-డ్రైడ్ ఫర్ ఫైవ్ డేస్ అండ్ వెయిడ్’ అంటే ఎండినవీ కాయలే, తూకానికి పోయినవీ కాయలే.

ఒక్క చోట మాత్రం ప్యాసివ్‌ను అస్సలు ఒప్పుకోను. ప్రయోగం రైతుల చేన్లలో జరిగినప్పుడు. అక్కడ ‘జిప్సమ్ వాజ్ అప్లైడ్’ అని రాస్తే వేసింది విద్యార్థా, రైతా, కూలీలా అన్నది మాయమైపోతుంది. ఫామ్‌లో తూచి మడి మడికీ వేసిన జిప్సమ్ వేరు, రైతు మంకెరలో పోసుకుని చేను పొడుగునా నడుస్తూ చేత్తో చల్లిన జిప్సమ్ వేరు. రెండోదాంట్లో ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పడుతుంది, దాని వల్ల మడుల మధ్య తేడా పెరుగుతుంది, ఆ తేడా ఫలితాల్లో కనిపిస్తుంది. అక్కడ ‘ద ఫార్మర్స్ బ్రాడ్‌కాస్ట్ ద జిప్సమ్ బై హ్యాండ్’ అని యాక్టివ్‌లో రాయాలి. వాయిస్ ఒకేలా ఉండాలన్న నియమం కోసం ఈ సమాచారాన్ని దాచడం తప్పు.

డ్రాఫ్టు చేతికొచ్చినప్పుడు నేను చేసే పని చెబుతాను. వర్డ్‌లో రిజల్ట్స్ చాప్టర్ ఒక్కటే వేరే ఫైలుగా పెట్టుకుంటాను. `Advanced Find` తెరిచి, `Find whole words only` టిక్ పెట్టి, `Reading Highlight` తో ముందు `is` వెతుకుతాను. అన్నీ పసుపు రంగులో మెరుస్తాయి. అవి చూశాక `are`, `has`, `have`, తర్వాత `increases`, `records`, `shows` లాంటివి ఒక్కొక్కటిగా. రిజల్ట్స్‌లో పసుపు పలచగా ఉండాలి. ప్రతి పసుపు మాటా నిర్వచనమో, రిఫరెన్సు ఉన్న సాధారణ విషయమో, టేబుల్‌ను చూపించేదో, నేలా ఊరూ లాంటి ఇప్పటికీ ఉన్నదో అయి ఉండాలి. ఈ నాలుగింటిలో దేనికీ చెందకపోతే పాస్ట్‌లోకి మారుస్తాను. ఇక్కడితో ఆపితే సగం పనే. తర్వాత `was`, `were` కూడా అలాగే వెలిగించి, ఒక్కొక్కదాని పక్కన ఫీల్డ్ బుక్కు పేజీ ఉందా అని అడుగుతాను. ‘అబ్జార్బ్‌డ్’ లాంటివి `was` లేకుండా వస్తాయి కాబట్టి ఈ వెతుకులాటకు దొరకవు. వాటి కోసం ‘హెన్స్’, ‘డ్యూ టు’, ‘బికాజ్’ ఉన్న ప్రతి వాక్యాన్నీ కంటితో చదవాల్సిందే. కారణం చెప్పే వాక్యాల్లోనే అవి దాక్కుంటాయి.

రెండేళ్ల ప్రయోగాల్లో ఇది ఇంకా పదునెక్కుతుంది. మొదటి ఖరీఫ్‌లో వానలు బాగుండి జిప్సమ్ పనిచేసింది, రెండో ఖరీఫ్‌లో కాయ ఊరే దశలో బెట్ట పట్టి తేడా రాలేదు అనుకుందాం. పిల్లలు రెండేళ్ల సగటు తీసి, అది మెరుగ్గా కనిపిస్తే ‘జిప్సమ్ ఇంక్రీజెస్’ అని రాస్తారు. ముందు సంవత్సరానికీ ట్రీట్‌మెంటుకూ ఇంటరాక్షన్ ఉందో లేదో, అంటే ట్రీట్‌మెంట్ ప్రభావం ఏడాదిని బట్టి మారిందో లేదో చూడాలి. అది సిగ్నిఫికెంట్ అయితే సగటు చెప్పి వదిలేయకుండా ఏ ఏడుకు ఆ ఏడు చెప్పాలి: మొదటి ఏడు ‘ఇంక్రీజ్డ్’, రెండో ఏడు ‘డిడ్ నాట్ డిఫర్’. ఆ రెంటినీ కలిపి డిస్కషన్‌లో ‘దీస్ రిజల్ట్స్ సజెస్ట్ దట్ ద రెస్పాన్స్ టు జిప్సమ్ డిపెండ్స్ ఆన్ సాయిల్ మాయిశ్చర్ డ్యూరింగ్ పాడ్ ఫిల్లింగ్’ అని రాయొచ్చు. ‘సజెస్ట్’ ప్రెజెంట్‌లో ఉంది, ఎందుకంటే ఆ ఊహ రాసే మనిషి ఇప్పుడు చేస్తున్నది. ‘డిపెండ్స్’ కూడా ప్రెజెంటే, కానీ అది ‘సజెస్ట్’ చాటున ఉంది. ఆ ‘సజెస్ట్’ తీసేసి ఉత్త ‘డిపెండ్స్’ అని రాయాలంటే మట్టిలో తేమను కొలిచి ఉండాలి, వానమాపకం అంకె ఒక్కటీ చాలదు.